ఎర్రర్ మెసేజ్‌ల రివ్యూ: మాట దిద్దే ముందు డబ్బు ఎక్కడుందో తేల్చుకోండి

ప్రశ్న: మాది కరెంటు, నీళ్ల బిల్లులు కట్టే ఆండ్రాయిడ్ యాప్. తెలుగు ఎర్రర్ మెసేజ్‌లు, బటన్ల పేర్లు కలిపి 340 లైన్ల షీట్ నా చేతికిచ్చి "యూజర్‌ని తప్పుపట్టేవి, అర్థం కాని మాటలున్నవి, తర్వాత ఏం చేయాలో చెప్పనివి ఏరి సరిచేయండి" అన్నారు. నేను భాష మనిషిని, డెవలపర్‌ని కాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందు ఆ షీట్‌ని మొదటి లైను నుంచి చదవడం ఆపండి. షీట్‌లో మీకు కనిపించేది మాట ఒక్కటే. ఆ మాట ఏ స్క్రీన్ మీద వస్తుంది, ఏం జరిగితే వస్తుంది, దాని కింద ఏ బటన్లు ఉంటాయి అన్నవి కనిపించవు. అవి తెలియకుండా "లావాదేవీ విఫలమైంది" అన్న వాక్యాన్ని "అయ్యో, చెల్లింపు జరగలేదు" అని దిద్దితే పాత అబద్ధం కొత్త చొక్కా వేసుకుంటుంది, అంతే. చెల్లింపు నిజంగా జరగలేదా? ఆ సంగతి ఎవరైనా తేల్చారా?

మీకు చెప్పిన మూడు దోషాలూ నిజానికి ఒకే చోటి నుంచి పుడతాయి. మెసేజ్ రాసినవాళ్లకు ఏం జరిగిందో సరిగ్గా తెలియదు. తెలియనప్పుడు తప్పు యూజర్ మీదకు నెట్టడం సులువు, సర్వర్ ఇచ్చిన మాటను అలాగే అంటించడం సులువు, "మళ్లీ ప్రయత్నించండి" అని చేతులు దులుపుకోవడం ఇంకా సులువు. అందుకే షీట్‌కి ఇంకో నాలుగు కాలమ్‌లు కలపండి: ఏం జరిగితే ఇది వస్తుంది, ఆ క్షణాన డబ్బు ఎక్కడుంది, ఇప్పుడు కదలాల్సింది ఎవరు, కింద ఏ బటన్లు ఉన్నాయి. మొదటి రెండూ డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని నింపాలి. మూడో కాలమ్‌లో నాలుగు జవాబులే ఉండాలి: యూజర్, మనం, బ్యాంకు, ఎవరూ కాదు (ఆగి చూడాలి). ఈ కాలమ్ నిండితే రివ్యూ సగం అయిపోయినట్టే. మనం సరిచేయాల్సిన దాన్ని యూజర్‌కి చెబుతున్న మెసేజ్‌లు అక్కడికక్కడే బయటపడతాయి.

340 లైన్లనూ ఒకే వరసలో చేయకండి. డబ్బు కదిలే స్క్రీన్లు ముందు, తర్వాత లాగిన్, ఓటీపీ, చివర్లో సెట్టింగులు. "ఫోటో అప్‌లోడ్ కాలేదు" అన్నది ఇంకో నెల అలాగే ఉన్నా కొంపలు మునగవు.

షీట్‌లో లేనివి

ఒక మాట ముందే చెప్పుకోవాలి. అందరికంటే ఇబ్బంది పెట్టే మెసేజ్‌లు చాలాసార్లు మీ షీట్‌లోనే ఉండవు. షీట్ సాధారణంగా యాప్‌లోని మాటలు రాసి ఉంచే `strings.xml` ఫైల్ నుంచి తీస్తారు. సర్వర్ పంపిన వాక్యాన్ని యాప్ నేరుగా తెర మీద పెట్టేస్తే అది ఆ ఫైల్‌లో ఉండదు. తెలుగు యాప్ వాడుతుండగా ఉన్నట్టుండి ఇంగ్లిష్‌లో ఏదో కనిపించిందంటే అది ఇలా వచ్చిందే. డెవలపర్‌ని ఈ రెండు కమాండ్లు నడిపి ఫలితం ఇమ్మనండి:

```
grep -rnE "e\.message|localizedMessage" app/src/main
grep -rn "R.string.error_generic" app/src/main | wc -l
```

మొదటిది సర్వర్ మాటో, కోడ్ మాటో నేరుగా యూజర్‌కి చేరే అవకాశమున్న చోట్లు చూపిస్తుంది. లాగ్ కోసం రాసుకున్నవి కూడా అందులో కలిసి వస్తాయి, వాటిని డెవలపర్ తీసేస్తారు. రెండోది "ఏదో తప్పు జరిగింది" రకం మెసేజ్‌ని ఎన్నిచోట్ల వాడారో లెక్క చెబుతుంది. మీ యాప్‌లో దాని పేరు వేరే ఉండొచ్చు. 14 అని వచ్చిందనుకోండి. అప్పుడు మీ ముందున్నది ఒక మెసేజ్ కాదు, 14 వేర్వేరు సందర్భాలు. ఆ ఒక్క వాక్యాన్ని ఎంత అందంగా రాసినా 14 చోట్లా నిజం కాలేదు. దాన్ని విడగొట్టమని అడగడమే అక్కడ మీ దిద్దుబాటు.

ఇంకోవైపు, యూపీఐ పిన్ కొట్టే పేజీ మీది కాదు. అది యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ వాళ్ల కామన్ లైబ్రరీ నుంచి వస్తుంది, అన్ని యాప్‌లలోనూ ఒకేలా ఉంటుంది. అందులోని మాటలు మీరు మార్చలేరు. దాని ముందూ వెనకా ఉన్న స్క్రీన్లే మీ చేతిలో ఉన్నవి.

ఒక స్క్రీన్‌ని విప్పి చూద్దాం

బిల్లు యాప్‌లలో మామూలుగా కనిపించే పెట్టె ఇది:

> లోపం!
> లావాదేవీ విఫలమైంది. ప్రతిస్పందన సమయం ముగిసింది. (504)
> [రద్దు చేయి] [మళ్లీ ప్రయత్నించు]

యూజర్ ₹1,240 కరెంటు బిల్లు కట్టబోయాడు. పిన్ కొట్టాడు. తిరిగే చక్రం కాసేపు తిరిగి ఇది వచ్చింది.

ఇక్కడ నిజంగా జరిగిందేమిటి? యాప్ అడిగిన ప్రశ్నకు అనుకున్న సమయంలో జవాబు రాలేదు. అంతకు మించి యాప్‌కి ఏమీ తెలియదు. డబ్బు ఖాతా దాటకపోయి ఉండొచ్చు. దాటి మధ్యలో ఆగి ఉండొచ్చు. బిల్లు చక్కగా కట్టేసి, ఆ కబురు మాత్రమే మనదాకా రాకపోయి ఉండొచ్చు. అంటే "విఫలమైంది" అన్న మాట ఊహ. ఆ ఊహ కింద "మళ్లీ ప్రయత్నించు" అన్న బటన్ పెట్టాం. అది నొక్కినప్పుడు కొత్త లావాదేవీ మొదలైతే, మొదటిది అప్పటికే పూర్తయి ఉంటే, అదే బిల్లు రెండుసార్లు కట్టినట్టవుతుంది. ఇక "రద్దు చేయి" నొక్కినవాళ్లు చెల్లింపు రద్దయింది, డబ్బు వెనక్కి వస్తుంది అనుకుంటారు. ఆ బటన్ చేసేదల్లా పెట్టె మూయడం.

కాబట్టి దీన్ని దిద్దేటప్పుడు మొదట మార్చాల్సింది వాక్యం కాదు, బటన్. డెవలపర్‌ని మూడు ప్రశ్నలు అడగండి. "మళ్లీ" నొక్కితే పాత లావాదేవీ నంబర్‌తోనే స్థితి అడుగుతుందా, కొత్తది పుడుతుందా? స్థితి ఖరారయ్యేదాకా అదే బిల్లుకు "కట్టండి" బటన్‌ని ఆపి ఉంచగలమా? ఫలితం తెలిశాక ఎస్ఎంఎస్ గానీ నోటిఫికేషన్ గానీ నిజంగా వెళ్తుందా? ఈ మూడో ప్రశ్న చిన్నగా కనిపిస్తుంది గానీ, వెళ్లని ఎస్ఎంఎస్‌ని "పంపుతాం" అని రాస్తే కస్టమర్ కేర్‌కి ఇంకో కాల్ తయారుచేసినట్టే.

మూడింటికీ అనుకూలమైన జవాబులు వస్తే ఇలా రాయొచ్చు:

> బిల్లు కట్టిందీ లేనిదీ ఇంకా తేలలేదు
> ₹1,240 మీ ఖాతా నుంచి వెళ్లి ఉండొచ్చు. బ్యాంకు నుంచి జవాబు రాగానే మీకు ఎస్ఎంఎస్ పంపుతాం. అప్పటిదాకా ఈ బిల్లు మళ్లీ కట్టకండి.
> చెల్లింపు పూర్తి కాలేదని తేలితే డబ్బు 14 అక్టోబర్‌లోగా మీ ఖాతాకే తిరిగి వస్తుంది.
> [ఇప్పుడు ఏమైందో చూడండి] [హోమ్‌కి వెళ్లండి]
> రిఫరెన్స్ నంబర్: 4281 0937 5516

ఇందులో ప్రతి వాక్యానికీ పని ఉంది. శీర్షిక తెలియనిదాన్ని తెలియదనే చెప్పింది. మొదటి వాక్యం యూజర్ మనసులో మెదిలే మొదటి ప్రశ్నకు జవాబు. "మళ్లీ కట్టకండి" అన్నది ఇక్కడ తర్వాతి అడుగు. ఏమీ చేయకుండా ఆగడం కూడా అడుగే, కాకపోతే దాన్ని నోరు తెరిచి చెప్పాలి.

తేదీ సంగతి. "3-5 పని దినాల్లో" అని రాయకండి. ఏ రోజు నుంచి లెక్క, ఆదివారం కలుస్తుందా అని యూజర్ వేళ్లు లెక్కపెట్టుకోవాలి. ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్ 20న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, యూపీఐలో ఖాతా నుంచి డబ్బు పోయి వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు నుంచి 5 రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు ₹100 పరిహారం. అందులో రోజు అంటే క్యాలెండర్ రోజే. 9న జరిగితే 14. ఆ లెక్క సర్వర్ చేసి తేదీ ఇవ్వాలి. మీ బిల్లుల చెల్లింపు ఏ దారిన వెళ్తుందో, దానికి ఇదే గడువు వర్తిస్తుందో లేదో మీ పేమెంట్స్ టీమ్ చేత రాతపూర్వకంగా ఖరారు చేయించుకున్నాకే తేదీ పెట్టండి.

504 అన్న సర్వర్ కోడ్ ఏమైంది అంటారా? యూజర్‌కి అక్కర్లేదు, తీసేశాం. రిఫరెన్స్ నంబర్ అక్కరకొస్తుంది, ఉంచాం. నాలుగేసి అంకెలుగా విడగొట్టాం, ఫోన్‌లో చదివి చెప్పేటప్పుడు తడబడకుండా. నంబర్ మీద నొక్కితే కాపీ అయ్యేలా చేయమనండి, కాపీ అయినప్పుడు మధ్యలో ఖాళీలు రాకూడదని కూడా చెప్పండి.

నింద ఎక్కడ దాక్కుంటుంది

"మీరు తప్పు నంబర్ నమోదు చేశారు" లాంటివి ఎవరైనా పట్టేస్తారు. తెలుగులో దీనికి మందు చేతిలోనే ఉంది. మన భాషలో కర్త లేకుండా జరిగినదాన్ని చెప్పే క్రియలు బోలెడు: దొరకలేదు, కుదరలేదు, సరిపోలేదు, అందలేదు, తెరుచుకోలేదు. "మీరు తప్పు పిన్ ఇచ్చారు" కంటే "పిన్ సరిపోలేదు" మర్యాద, క్లుప్తం, పైగా నిజానికి దగ్గర. "తిరస్కరించబడింది", "గుర్తించబడలేదు" లాంటి "బడు" రూపాల జోలికి పోకండి. వాటిలో నింద లేకపోవచ్చు గానీ కోర్టు నోటీసు వాసన వస్తుంది, ఎవరు తిరస్కరించారో కూడా తెలియదు. తిరస్కరించింది బ్యాంకైతే "బ్యాంకు ఒప్పుకోలేదు" అనండి.

కష్టమంతా "మీరు" అనకుండానే వేలు చూపించే వాటితో. "చెల్లని నంబర్" అన్నదాన్ని తీసుకోండి. తెలంగాణ దక్షిణ డిస్కమ్ కరెంటు బిల్లు మీద రెండు నంబర్లు ఉంటాయి. ఒకటి సర్వీస్ నంబర్, ఇంకోటి `USC No` అని ఉండే 9 అంకెల నంబర్. యాప్ అడిగేది రెండోది. యూజర్ తన బిల్లు చూసి మొదటిది కొట్టాడు. అతను కొట్టింది ముమ్మాటికీ తన సర్వీస్ నంబరే. దాన్ని "చెల్లని నంబర్" అంటే చెల్లని నోటు ఇచ్చినవాడిలా నిలబెట్టినట్టు. అతను బిల్లు మళ్లీ చూసుకుంటాడు, అదే నంబర్ మళ్లీ కొడతాడు, అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. ఇలా ఒకే ఎర్రర్ వరసగా రెండు మూడుసార్లు ఒకే యూజర్‌కి వచ్చిందంటే ఆ మెసేజ్ దారి చూపించడం లేదని గుర్తు. డెవలపర్ దగ్గర ఆ లెక్క తీయించవచ్చు. దిద్దుబాటు:

> ఈ నంబర్‌తో కనెక్షన్ దొరకలేదు. బిల్లు మీద USC No పక్కన ఉన్న 9 అంకెల నంబర్ ఇవ్వండి.
> [బిల్లు మీద ఎక్కడుందో చూడండి]

బిల్లు మీద ఇంగ్లిష్‌లో `USC No` అని ఉంటే యాప్‌లోనూ అలాగే చూపించాలి. "విశిష్ట సేవా సంఖ్య" అని అనువదిస్తే కాగితం మీద వెతుక్కోవడానికి ఆ మాటే ఉండదు. బటన్ నొక్కితే నమూనా బిల్లు బొమ్మ మీద ఆ చోటు గీసి చూపించాలి. ఇంకా మంచిది, ఆ పెట్టె పేరే "సర్వీస్ నంబర్" అని కాకుండా "USC నంబర్ (9 అంకెలు)" అని ముందే మార్చడం. అప్పుడు ఎర్రర్ వచ్చేదే తక్కువ. డిస్కమ్ మారితే నంబర్ పేరూ అంకెలూ మారతాయి కాబట్టి ఈ మెసేజ్ డిస్కమ్‌కి ఒకటి చొప్పున ఉండాలి. అన్నిటికీ ఒకే వాక్యం సరిపెడితే మళ్లీ మొదటికే వస్తాం.

నింద దాక్కునే ఇంకో చోటు: "మీ ఇంటర్నెట్ కనెక్షన్ సరిచూసుకోండి." ఇది సలహాలా వినిపిస్తుంది. కానీ కోడ్ చాలాసార్లు ఇలా ఉంటుంది:

```kotlin
} catch (e: Exception) {
    showError(R.string.check_internet)
}
```

అంటే ఏ తప్పు జరిగినా, మన సర్వర్ పడిపోయినా, సర్వర్ ఇచ్చిన జవాబును యాప్ చదవలేకపోయినా, నేరం యూజర్ ఇంటర్నెట్ మీదే. పాపం అతను వైఫై ఆపి డేటా పెడతాడు, ఫోన్ రీస్టార్ట్ చేస్తాడు, ఫలితం ఉండదు. దీన్ని కనిపెట్టడానికి కోడ్ చదవడం రానక్కర్లేదు. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి, నెట్ బాగా ఉండగా టెస్ట్ సర్వర్ ఆపించి ఇంకోసారి అదే పని చేయండి. రెండుసార్లూ ఒకే మెసేజ్ వస్తే విడగొట్టాల్సిందే. నెట్ లేనప్పుడు "ఇంటర్నెట్ లేదు. వైఫై గానీ మొబైల్ డేటా గానీ ఆన్ చేయండి" అనాలి. సర్వర్ పోయినప్పుడు "మా వైపు ఇబ్బంది ఉంది, మీ ఖాతా నుంచి డబ్బేమీ పోలేదు. కాసేపాగి చూడండి" అనాలి. డబ్బు పోలేదన్న ముక్క చెల్లింపు మొదలుకాక ముందు మాత్రమే. పిన్ కొట్టాక జవాబు రాకపోతే అది పైన విప్పిన కేసు, ఇక్కడికి తేకండి.

లాగిన్ దగ్గర "అనధికార ప్రవేశం" కనిపిస్తే ఆగండి. చాలాసార్లు అది 401 అన్న సర్వర్ కోడ్‌కి అక్షరానువాదం. జరిగింది దొంగతనం కాదు, చాలాసేపు వాడకపోవడంతో లాగిన్ గడువు తీరింది, అంతే. "మీ డబ్బు భద్రత కోసం లాగౌట్ చేశాం. మళ్లీ లాగిన్ అవ్వండి" అని రాసి, లాగిన్ అయ్యాక అతను ఆగిన స్క్రీన్‌కే తీసుకెళ్లమనండి.

అర్థం కాని మాట అంటే ఇంగ్లిష్ మాట కాదు

భాష మనుషులు తరచూ జారిపడేది ఇక్కడే, అందుకే సూటిగా చెబుతున్నా. ఓటీపీ, పిన్, బ్యాలెన్స్, లాగిన్, రీఛార్జ్ అన్నవి జనం నోట్లో నానిన మాటలు. "ప్రమాణీకరణ", "లబ్ధిదారు", "ప్రతిస్పందన", "చెల్లుబాటు వ్యవధి" అన్నవి అచ్చంగా కనిపించినా యూజర్‌కి సాంకేతిక పదాలే. ఓటీపీని "ఏకకాల సంకేతపదం" చేస్తే, ఎస్ఎంఎస్‌లో వచ్చిన OTP అదేనని పోల్చుకోలేరు. నిఘంటువు కాదు కొలత. పక్క వీధి మీసేవ కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి ఆ మాట తనంతట తాను అంటాడా అన్నది కొలత.

బ్యాంకుల నుంచి వచ్చే కోడ్‌లకు ఇదే పద్ధతి. `ZM` అంటే పిన్ సరిపోలేదు. `Z9` అంటే ఖాతాలో డబ్బు చాలదు. `Z6` అంటే పిన్ ప్రయత్నాలు పరిమితి దాటాయి. ఈ మూడింటికీ చాలా యాప్‌లు ఒకటే "చెల్లింపు విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి" చూపిస్తాయి. కానీ తర్వాతి అడుగులు మూడూ మూడు దార్లు. `ZM` కి మళ్లీ పిన్ కొట్టమనడం సరైనదే. `Z9` కి వేరే ఖాతా ఎంచుకునే బటన్ ఇవ్వాలి. `Z6` కి "మళ్లీ" బటన్ ఉండనే కూడదు, ఎన్నిసార్లు నొక్కినా బ్యాంకు ఒప్పుకోదు. అక్కడ "కొత్త పిన్ పెట్టుకోండి", "వేరే ఖాతాతో కట్టండి" అన్న రెండు దార్లు చూపించాలి. `U30` మాత్రం మొండిది. డెబిట్ కాలేదని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు. కారణం కల్పించకండి: "బ్యాంకు ఈ చెల్లింపు పూర్తి చేయలేదు. వేరే ఖాతాతో కట్టండి, లేదా కాసేపాగి చూడండి." కోడ్‌ని అడుగున చిన్న అక్షరాల్లో ఉంచితే కస్టమర్ కేర్‌కి పనికొస్తుంది. శీర్షికలోకి ఎక్కనివ్వకండి.

`Z9` దగ్గర ఇంకో చిన్న సంగతి. కిరాణా కొట్లో పది మంది ముందు ఫోన్ మీద పెద్ద ఎర్ర అక్షరాలతో "ఖాతాలో తగినంత డబ్బు లేదు" అని వస్తే ఎవరికైనా తల కొట్టేసినట్టుంటుంది. శీర్షికలో "ఈ ఖాతాతో కట్టడం కుదరలేదు" అని పెట్టి, కారణం కింద మామూలు అక్షరాల్లో చెప్పండి. బిల్లు యాప్‌లో ఇంత అక్కర్లేదనిపిస్తే సరే, కానీ క్యూఆర్ స్కాన్ ఉంటే తప్పనిసరి.

బటన్ల మాట

ఈ పెట్టె చూడండి:

> ఈ చెల్లింపును రద్దు చేయాలా?
> [రద్దు చేయి] [సరే]

రెండు బటన్లూ ఒకటే చెబుతున్నాయి. "సరే" అంటే సరే రద్దు చేయి అని. "రద్దు చేయి" అంటే చెల్లింపును రద్దు చేయమనా, ఈ పెట్టెను రద్దు చేయమనా? ఇంగ్లిష్‌లో రాసిన పెట్టెను అలాగే దింపుకుంటే వచ్చే చిక్కు ఇది. షీట్‌లో "సరే", "రద్దు చేయి", "అవును", "సమర్పించు" ఉన్న లైన్లన్నీ వడపోసి, ఒక్కొక్కటి ఏ ప్రశ్న కింద ఉందో చూడండి. పరీక్ష సులువు: పైన ఉన్న వాక్యాన్ని అరచేత్తో మూసేసి బటన్లు మాత్రమే చదవండి. ఏది నొక్కితే ఏమవుతుందో తెలియాలి. ఇలా:

> బిల్లు కట్టకుండా వెనక్కి వెళ్తారా?
> [వెనక్కి వెళ్తాను] [బిల్లు కడతాను]

పైన ప్రశ్న ఉంటే బటన్ దానికి యూజర్ చెప్పే జవాబులా ఉండటం తెలుగులో హాయిగా ఉంటుంది. ప్రశ్న లేనిచోట "₹1,240 కట్టండి" అన్న రూపం వాడండి. కట్టాల్సిన మొత్తం బటన్ మీదే ఉంటే ఎంత కడుతున్నాడో నొక్కేముందు ఇంకోసారి కనిపిస్తుంది.

"చెల్లించు", "నమోదు చేయి" అన్న రూపాలు యూజర్ ఫోన్‌కి ఇచ్చే ఆజ్ఞలు కాబట్టి తప్పు లేదని వాదించేవాళ్లున్నారు. వాదన సరైనదే, కానీ తెర మీద అలా చదువుకోరు. పై వాక్యం "మీ పిన్ ఇవ్వండి" అని, కింద బటన్ "చెల్లించు" అని ఉంటే ఒకే మనిషి ఒక్క గుక్కలో గౌరవించి, వెంటనే ఏకవచనంలోకి దిగినట్టు వినిపిస్తుంది. యాప్ అంతా ఇప్పటికే "చేయి" రూపంలో ఉండి మార్చే వీలు లేకపోతే అలాగే ఉండనివ్వండి. ఒకే పెట్టెలో రెండూ కలవకుండా చూస్తే చాలు.

రాశాక చెడిపోయేవి

మీరు చక్కగా రాసి ఇచ్చింది తెర మీదకు చేరేసరికి రెండు మూడు చోట్ల చెడుతుంది. మొదటిది విభక్తులు. మనిషి పేరు వచ్చే చోట షీట్‌లో `%1$s` అని ఉంటుంది. `%1$sకు డబ్బు పంపలేకపోయాం` అని రాస్తే "రాముకు" బాగానే ఉంటుంది, రవి దగ్గర మాత్రం "రవికు" అని తప్పుగా వస్తుంది. పేరు చివర ఏ అచ్చు ఉంటుందో మనకు తెలియదు కాబట్టి పేరుకు ప్రత్యయం తగిలించకండి. "డబ్బు వెళ్లలేదు" అని చెప్పి, కింద "ఎవరికి: రవి" అని వేరే వరసలో పెట్టించండి.

రెండోది చోటు. తెలుగు వాక్యం ఇంగ్లిష్ కంటే వెడల్పు, ఒత్తుల వల్ల ఎత్తు కూడా ఎక్కువ. చిన్న ఫోన్‌లో, అక్షరాల సైజు పెద్దది పెట్టి చూడండి. "మళ్లీ ప్రయత్నిం…" అని తెగిపోయిన బటన్, కింద ఒత్తు కోసుకుపోయిన "ఖాతా నుంచి వెళ్లింది" అక్కడే దొరుకుతాయి. మాట కుదించడం ఒక మార్గం, కానీ ముందు బటన్ ఎత్తును బిగించకుండా వదలమని, రెండు బటన్లు పక్కపక్కన పట్టకపోతే ఒకదాని కింద ఒకటి పెట్టమని అడగండి.

మూడోది టోస్ట్, అంటే అడుగున నల్లగా మెరిసి మాయమయ్యే పట్టీ. ఆండ్రాయిడ్‌లో అది ఎక్కువలో ఎక్కువ మూడున్నర సెకన్లు ఉంటుంది. నెమ్మదిగా చదివేవాళ్లకు మొదటి వాక్యం పూర్తి కాదు. యూజర్ ఏదైనా చేయాల్సిన మెసేజ్ టోస్ట్‌లో ఉండకూడదు. నంబర్ తప్పితే ఆ పెట్టె కిందే, చెల్లింపు ఆగితే పూర్తి స్క్రీన్‌లో. ప్రతి మెసేజ్ ఎక్కడ కనిపిస్తుందో కూడా షీట్‌లో రాసుకోండి, టోస్ట్ అయితే ఎర్ర రంగు వేసుకోండి.

దిద్దినవాటిని మీరే చదివి బాగుందనుకోకండి, మీకు సందర్భం ముందే తెలుసు. యాప్ ఎప్పుడూ చూడని నలుగురైదుగురికి మెసేజ్ ఉన్న స్క్రీన్ ఒక్కటే చూపించి రెండే ప్రశ్నలు అడగండి: "డబ్బు పోయిందా?", "ఇప్పుడు ఏం చేస్తారు?" అర్థమైందా అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. ఇద్దరు వేర్వేరు జవాబులు చెబితే వాక్యం ఇంకా తయారు కాలేదు.

డెవలపర్‌కి తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి లైనుకూ స్ట్రింగ్ పేరు, పాత మాట, కొత్త మాట, బటన్ నొక్కితే ఎక్కడికి వెళ్లాలి అన్నవి నాలుగూ ఉండాలి. ఆ నాలుగోది రాయకపోతే "ఇప్పుడు ఏమైందో చూడండి" అన్న మీ కొత్త బటన్ వెనక పాత "మళ్లీ ప్రయత్నించు" కోడే మిగిలిపోతుంది. అందుకే మార్పు వచ్చిన బిల్డ్‌లో ఆ ఒక్క బటన్ మీరే నొక్కి, టెస్ట్ ఖాతాలో రెండో లావాదేవీ పుట్టలేదని చూసుకోండి.